ఫీల్ బ్యాడా, ఫీల్ బ్యాడ్లీయా?

ఇంగ్లీషులో ‘ద సూప్ టేస్ట్స్ గుడ్’ అన్నప్పుడు సూప్ ఏ పనీ చేయడం లేదు, దాని గుణమే చెబుతున్నాం. అందుకే అక్కడ విశేషణమైన గుడ్ రావాలి, వెల్ కాదు. టేస్ట్స్ తీసేసి ఈజ్ పెట్టినా వాక్యం నిలిస్తే విశేషణమే సరైనదని తెలిసిపోతుంది. ‘ద డాగ్ స్మెల్స్ బ్యాడ్’ అంటే కుక్క కంపు కొడుతోందని. ‘స్మెల్స్ బ్యాడ్లీ’ అంటే, వ్యాకరణం పట్టుకుని చూస్తే, దానికి వాసన సరిగ్గా పసిగట్టడం రాదని.

అసలు చిక్కు వెల్‌తోనే. ఆరోగ్యంగా ఉండటం అనే అర్థంలో అదీ విశేషణమే. కాబట్టి ‘ఐ ఫీల్ వెల్’ తప్పు కాదు, ఒంట్లో బాగుందని దాని భావం. ‘షి లుక్స్ గుడ్’ సాధారణంగా అందం మాట, ‘షి లుక్స్ వెల్’ ఆరోగ్యం మాట. బాధగా ఉందనడానికి ‘ఐ ఫీల్ బ్యాడ్’ చాలు. ‘ఫీల్ బ్యాడ్లీ’ కూడా వాడుకలో వినిపిస్తుంది గానీ, రాతలో బ్యాడే మేలు.