ఒకే ఫైల్‌లో 850, ౮౫౦.. లెక్క ఎక్కడ తప్పుతుందంటే?

తెలుగు అంకెలు వాడాలా? లేక రోజూ వాడే 0-9 వాడాలా? ఏది వాడినా తప్పు కాదు. కానీ ఒకే డాక్యుమెంట్‌లో రెండూ కలిస్తేనే తంటా. ఎలాగో చూద్దాం.

గాజువాకలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రిపేర్ల ఖర్చు ఎంతయిందో రాసి పంపమని అందరినీ అడిగిందనుకుందాం. మూడు జవాబులొచ్చాయి: 1200, ౮౫౦, 640. వాటిని ఎక్సెల్‌లో పెట్టి SUM కొడితే రావాల్సింది 2690. కానీ వచ్చేది 1840! ఎందుకంటే ఎక్సెల్ ౮౫౦ను సాధారణంగా సంఖ్యగా కాదు, అక్షరాలుగా చూస్తుంది. అందుకే కూడికలో వదిలేస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు.

ఎలా కనిపెట్టాలి?

గడిలో సంఖ్య ఉంటే కుడివైపుకి, అక్షరాలుంటే ఎడమవైపుకి జరిగి ఉంటాయి. ఎడమకి అంటుకున్న అంకె కనిపిస్తే అనుమానించండి. వెతకడంలోనూ ఇదే ఇబ్బంది. ఉక్కునగరం పిన్‌కోడ్ 530032 అని వెతికితే, ౫౩౦౦౩౨ అని రాసిన అడ్రస్ దొరక్కపోవచ్చు.

సున్నాతో జాగ్రత్త

తెలుగు సున్నా ౦, పదాల్లో వాడే నిండుసున్న ం చూడటానికి ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేరు. ౩౦ బదులు ౩ం అని టైప్ చేస్తే కంటికి తేడా తెలియదు. సరిచేసేటప్పుడు ‘ం’ మొత్తాన్ని 0గా మార్చేయకండి, పదాలన్నీ పాడైపోతాయి. అంకె పక్కన ఉన్న ‘ం’ను మాత్రమే వెతికి మార్చాలి. మిగతా అంకెల్ని Find and Replaceలో ఒక్కోటిగా మార్చుకోవచ్చు.

మరి ఏది ఎంచుకోవాలి?

లెక్కలు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉంటే 0-9 మేలు. వీటిని ఇంగ్లిష్ అంకెలంటాం కానీ, రాజ్యాంగం 343వ అధికరణం వీటిని భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం అంటుంది. కేంద్ర ప్రభుత్వ అధికారిక అవసరాలకు వాడాల్సింది కూడా ఇదే రూపం. శుభలేఖకో, పద్యాల పుస్తకానికో తెలుగు అంకెలు అందంగా ఉంటాయి. అయితే సాఫ్ట్‌వేర్ వేసే పేజీ నంబర్లు సాధారణంగా 0-9లోనే వస్తాయి. వాటినీ చూసుకోవాలి.

అడిగేటప్పుడే చెప్పేయండి

“తెలుగులో పంపండి” అంటే సరిపోదు. అలా అంటే ఒకరు ౨౫ అని, ఇంకొకరు 25 అని రాస్తారు. ఇలా అడగండి: “తేదీలు, మొత్తాలు, పట్టికలు, వరస నంబర్లు, పేజీ నంబర్లు.. అన్నీ మొదటి నుంచి చివరిదాకా 0-9 అంకెల్లోనే రాయండి.” తెలుగు అంకెలే కావాలంటే మినహాయింపులు కూడా చెప్పండి: “ఫోన్ నంబర్, పిన్‌కోడ్ మాత్రం 0-9లో.”

ఫైల్ చేతికొచ్చాక ౦ నుంచి ౯ వరకు ఒక్కో అంకెనీ వెతికి చూడండి. పదీ దొరక్కపోతే, అంకెల పక్కన దాక్కున్న ‘ం’ కోసం ఇంకోసారి వెతకండి. అప్పుడే టోటల్ కొట్టండి.