ఒకటి, రెండు, మూడు, నాలుగు: ఎక్సెల్‌లో జట్ల పంపకం

డ్రిల్లు పీరియడ్‌లో పీఈటీ మాస్టారు పిల్లల్ని వరసగా నిలబెట్టి నంబర్లు చెప్పిస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. ఒకటి చెప్పినవాళ్ళంతా ఒక జట్టు, రెండు చెప్పినవాళ్ళంతా ఇంకో జట్టు. తరగతి జాబితా కంప్యూటర్లో ఉంటే ఇదే పనిని ఎక్సెల్‌లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ రెండు ఫంక్షన్లు కలిసి చేసిపెడతాయి. ROW అనేది ఫార్ములా ఉన్న గడి ఎన్నో వరసలో ఉందో చెబుతుంది. MOD అనేది భాగహారంలో మిగిలే శేషం చెబుతుంది.

తొమ్మిదో తరగతిలో 42 మంది ఉన్నారనీ, వాళ్ళని నాలుగు జట్లుగా విడదీయాలనీ అనుకుందాం. మొదటి వరసలో శీర్షికలు: A కాలమ్‌లో పేరు, Bలో బాలుడా బాలికా అన్నది, Cలో మార్కులు, Dలో జట్టు. పిల్లల పేర్లు రెండో వరస నుంచి మొదలవుతాయి. D2 గడిలో ఇలా టైపు చేసి, 43వ వరస దాకా కిందికి లాగాలి.

```
=MOD(ROW()-2,4)+1
```

రెండో వరసలో 2 లోంచి 2 తీసేస్తే సున్నా. సున్నాని 4తో భాగిస్తే శేషం సున్నాయే, దానికి ఒకటి కలిపితే ఒకటో జట్టు. మూడో వరసకి రెండో జట్టు, అయిదో వరసకి నాలుగో జట్టు. ఆరో వరసలో 4ని 4తో భాగిస్తే శేషం మళ్ళీ సున్నా, కాబట్టి మళ్ళీ ఒకటో జట్టు. శేషాలు సున్నాతో మొదలై మూడుతో ఆగిపోతాయి. సున్నా నంబరు జట్టు ఎవరికీ వద్దు గనక చివర ఒకటి కలుపుతున్నాం. 42లో పది నాలుగులు పోగా ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరూ ఒకటో జట్టుకీ రెండో జట్టుకీ వెళ్తారు. అంటే 11, 11, 10, 10.

పైన పాఠశాల పేరు కోసం ఒక వరస చేర్చితే మాత్రం అందరూ ఒక జట్టు ముందుకి జరుగుతారు. ఫార్ములాలోని 2 మారదు, పిల్లల వరసలు మాత్రం మారాయి. అందుకే 2కి బదులు మొదటి పిల్లవాడి గడినే చూపించడం మేలు. వరస చేర్చినప్పుడు $A$2 దానంతటదే $A$3 అయిపోతుంది.

```
=MOD(ROW()-ROW($A$2),4)+1
```

ఈ ఫార్ములా పిల్లవాణ్ణి చూడదు, అతను ఉన్న చోటుని చూస్తుంది. ఆ చోటులో ఎవరు ఉన్నా దానికి ఒకటే. వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి, మంచి పంపకమూ ఇక్కడి నుంచే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమందికి ఎదురయ్యే చిక్కు ఇది. జట్లు వచ్చేశాయి కదా, ఒకటో జట్టువాళ్ళందర్నీ ఒకచోట చూద్దామని D కాలమ్ మీద సార్ట్ చేస్తారు. ఎక్సెల్ పేర్లని కదిలిస్తుంది, కానీ కాలమ్‌లో మాత్రం మళ్ళీ 1, 2, 3, 4 అనే కనబడుతుంది. సార్ట్ కాలేదేమో అనిపిస్తుంది గానీ అయింది. ఆరో వరసలో ఉన్న అమ్మాయి ఒకటో జట్టు కాబట్టి మూడో వరసకి వచ్చింది. రాగానే ఫార్ములా కొత్త చోటుని చూసి ఆమెకి రెండో జట్టు ఇచ్చింది. అప్పటికే జాబితా ప్రింటు తీసి గోడకి అంటించి ఉంటే, గోడ మీద ఒక జట్టు, ఫైల్లో ఇంకో జట్టు. పిల్లలకి ఒకసారి చెప్పిన జట్టు మారిపోవడం చిన్న విషయం కాదు. కాబట్టి ఫార్ములా పని అయిన వెంటనే D కాలమ్‌ని కాపీ చేసి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో Values ఎంచుకుని అతికించాలి. ఇక గడుల్లో ఉండేవి ఉత్త అంకెలు. ఎటు సార్ట్ చేసినా అవి పిల్లలతోపాటే కదులుతాయి.

రెండో చిక్కు జాబితా క్రమంలోనే దాగి ఉంటుంది. పేర్లు ఒక బాలుడు, ఒక బాలిక, మళ్ళీ బాలుడు అని వరస తప్పకుండా ఉన్నాయనుకోండి. నాలుగు జట్లు చేస్తే ఒకటి, మూడు జట్ల నిండా బాలురే, రెండు, నాలుగు జట్ల నిండా బాలికలే. రెండేసి చొప్పున తిరిగే క్రమం నాలుగేసి చొప్పున తిరిగే పంపకంలో చక్కగా ఇమిడిపోయింది. అయిదు జట్లయితే ఈ బాధ ఉండేది కాదు. దీనికి ముందే B కాలమ్ మీద సార్ట్ చేసి బాలురందర్నీ పైకి, బాలికలందర్నీ కిందికి తెస్తే సరి. 22 మంది బాలురైతే జట్లకి 6, 6, 5, 5 వస్తారు. 20 మంది బాలికల వంతు మూడో జట్టుతో మొదలై జట్టుకి అయిదుగురు చొప్పున సమంగా పడతారు. సరిగ్గా పడ్డారో లేదో ఈ ఫార్ములాతో చూసుకోవచ్చు.

```
=COUNTIFS(D:D,1,B:B,"బాలిక")
```

ఇంటిపేరు ముందు రాసి అక్షరక్రమంలో పెట్టిన జాబితాలకి ఈ పంపకం మరో మేలు చేస్తుంది. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు జాబితాలో పక్కపక్కనే ఉంటారు, జట్లలో మాత్రం విడిపోతారు.

మార్కుల సంగతి కాస్త నిదానంగా చూడాలి. అన్ని జట్లలోనూ బాగా చదివేవాళ్ళు ఉండాలని C కాలమ్ మీద ఎక్కువ నుంచి తక్కువకి సార్ట్ చేసి పంచుతారు. మొదటి ఎనిమిది మంది మార్కులు 98, 95, 93, 90, 88, 85, 83, 80 అనుకుందాం. ఒకటో జట్టుకి 98, 88 కలిసి 186. నాలుగో జట్టుకి 90, 80 కలిసి 170. రెండు చుట్లకే 16 మార్కుల తేడా. ప్రతి చుట్టులోనూ ముందు ఎంచుకునేది ఒకటో జట్టే గనక తేడా పెరుగుతూ పోతుందే తప్ప తగ్గదు. క్విజ్‌కో ప్రాజెక్టుకో ఇది న్యాయం కాదు.

మందు సులభమే. రెండో చుట్టుని వెనక్కి తిప్పాలి: 1, 2, 3, 4, తర్వాత 4, 3, 2, 1. క్రమం ఇప్పుడు నాలుగేసి కాక ఎనిమిదేసి వరసలకి తిరుగుతుంది కాబట్టి 8తో భాగిస్తాం. శేషం 4 కంటే తక్కువైతే ముందుకి, లేకపోతే వెనక్కి.

```
=IF(MOD(ROW()-2,8)<4, MOD(ROW()-2,8)+1, 8-MOD(ROW()-2,8))
```

ఇప్పుడు ఒకటో జట్టుకి 98, 80, రెండో జట్టుకి 95, 83, మూడోదానికి 93, 85, నాలుగోదానికి 90, 88. నాలుగు జట్లకీ 178. నిజం మార్కులు ఇంత అచ్చుగుద్దినట్టు రావు గానీ, తేడా బాగా తగ్గుతుంది.

ఏ క్రమమూ వద్దు, చీట్లు తీసినట్టు ఉండాలంటే పక్క కాలమ్‌లో =RAND() నింపి, దాని మీద సార్ట్ చేసి, ఆ తర్వాత జట్ల ఫార్ములా పెట్టాలి. షీటులో ఎక్కడ ఏం మార్చినా RAND అంకెలు మారిపోతాయి. అయినా ఒకసారి సార్ట్ అయిన పేర్లు కదలవు.

వారం తర్వాత ఒక పిల్లవాడు బడి మారితే, ఆ వరస తీసేసినా మిగతావాళ్ళ జట్లు మారవు, అంకెలు అతికించి ఉన్నాయి గనక. ఫార్ములా అలాగే ఉండి ఉంటే అతని కింద ఉన్నవాళ్ళందరి జట్లూ మారిపోయేవి. కొత్తగా ఎవరైనా చేరితే ఫార్ములాని మళ్ళీ తేవద్దు. =COUNTIF(D:D,1) అని, అలాగే మిగతా మూడు జట్లకీ లెక్క చూసి, తక్కువమంది ఉన్న జట్టు నంబరుని ఆ పిల్ల పేరు పక్కన చేత్తో టైపు చేస్తే చాలు.