ఒకే దూది, మూడు పాఠాలు

జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రయోగాత్మక బడిలో ఒక పాఠానికి పిల్లల చేతికి పత్తికాయలు, గొర్రె ఉన్ని ఇచ్చారు. ఉన్ని పరిశ్రమ ముందు పెరిగి, నూలు పరిశ్రమ ఎందుకు వెనకబడిందన్నది ప్రశ్న. ఒక జట్టు అరగంట సేపు గింజల నుంచి దూది ఒలిచినా ఔన్సు, అంటే 28 గ్రాములు కూడా రాలేదు. జవాబు వాళ్ల వేళ్లకే తెలిసింది. గింజలు తీసే యంత్రం ఎందుకు అవసరమైందో అక్కడి నుంచి చెప్పడం తేలిక. ప్రగతివాదం అంటే ఇదే: సమస్యతో మొదలై, చేసి చూసి, అవసరమైన చోట చరిత్రనూ విజ్ఞానాన్నీ అందుకోవడం. ఇందులో ఉపాధ్యాయుడు దారి చూపేవాడు.

ఇలా సాగితే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందని ఏ టీచరైనా అడుగుతారు. విలియం బాగ్లీ అభ్యంతరం దానికి దగ్గరిదే. పిల్లల ఆసక్తి వెంట పడి పాఠాల వరుస చెడగొట్టారనీ, ప్రమాణాలు చూడకుండా పై తరగతికి పంపుతున్నారనీ, హైస్కూలు విద్యార్థులకు చదవడం కూడా సరిగా రావడం లేదనీ ఆయన 1938లో విమర్శించాడు. ఆయన నిలబెట్టినది సారవాదం. ఈ పద్ధతిలో పత్తి పాఠం భూగోళశాస్త్రంలో తన వరుసలో వస్తుంది: నేల, వాతావరణం, పండే ప్రాంతాలు. ఉపాధ్యాయుడు వివరిస్తాడు, పిల్లలు నేర్చుకుంటారు, పరీక్షలో తేలుతుంది.

శాశ్వతవాదికి పత్తి మీద పెద్దగా ఆసక్తి ఉండదు. ఆ యంత్రం వచ్చాక అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం మరింత పెరిగింది కదా, మరి న్యాయమంటే ఏమిటి? అతని పాఠం అక్కడ మొదలవుతుంది. ప్లేటోను చదివించి, ప్రశ్న మీద ప్రశ్న వేసి చర్చ నడుపుతాడు. మనిషి స్వభావం మారదు కాబట్టి గొప్ప గ్రంథాలకు కాలదోషం పట్టదన్నది రాబర్ట్ హచిన్స్, మార్టిమర్ ఆడ్లర్ల నమ్మకం. హచిన్స్ 1929లో అదే షికాగో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు.

పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది చివరి రెంటి దగ్గరే. రెండింటిలోనూ విషయానికే ప్రాధాన్యం కనబడుతుంది గనుక ఒకటే అనిపిస్తాయి. తేడా పట్టడానికి ఒక ప్రశ్న చాలు: పాఠ్యాంశం మారవచ్చా? మారవచ్చంటాడు సారవాది. సమాజానికి ఇవాళ కంప్యూటర్ అవసరమైతే అదీ ప్రాథమిక నైపుణ్యమే. శాశ్వతవాది దాన్ని పనికి ఇచ్చే శిక్షణగానే చూస్తాడు, విద్య అనడు.

డ్యూయీని పిల్లల ఇష్టానికి వదిలేయమన్నవాడిగా రాయడం మరో పొరపాటు. బాగ్లీ విమర్శ వచ్చిన 1938లోనే ఆయన ‘ఎక్స్‌పీరియన్స్ అండ్ ఎడ్యుకేషన్’ ప్రచురించి, అనుభవమైతే చాలు, అదే విద్య అనుకునే ప్రగతివాద బడులను తప్పుపట్టాడు.