మీటరున్నర దారి

బాలానగర్‌లో యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీ ఆఫీసులో కూర్చుని, లాప్‌టాప్ యజమాని వైపు తిప్పి స్టాల్ బొమ్మ చూపించాను. బెంగళూరు తుమకూరు రోడ్డులో, బీఐఈసీ హాళ్లలో జరిగే ఇమ్‌టెక్స్ ప్రదర్శన కోసం గీసింది. తెల్లటి నేల, నీలం గోడ, పైన వెలుగుతున్న కంపెనీ పేరు, రెండు యంత్రాల నడుమ విశాలమైన దారి, ఆ దారిలో నవ్వుతూ నడుస్తున్న ముగ్గురు మనుషులు. ఆయనకు నచ్చింది. ‘ఓకే అని మెయిల్ పెట్టేస్తానండీ’ అన్నారు. పక్కనే నిలబడి చూస్తున్న సర్వీస్ ఇంజనీరు మాత్రం కాసేపాగి, ‘లేత్‌కి కన్వేయర్ ఏది సార్?’ అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో బొమ్మ మళ్లీ మొదటికొచ్చింది.

పెద్ద ప్రదర్శనల్లో స్థలం రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి అల్యూమినియం కమ్మీలు, తెల్ల పలకలతో ముందే కట్టి ఉంచే చిన్న గది. రెండోది ఖాళీ నేల. నేల మీద గీత గీసి ‘ఇది మీది’ అంటారు, అందులో ఏం కట్టుకోవాలో మన ఇష్టం. యంత్రాలు తెచ్చేవాళ్లు ఖాళీ నేలే తీసుకుంటారు. అక్కడ కట్టబోయేది ముందే కళ్లకు కట్టడానికి మాలాంటి డిజైనర్లు కంప్యూటర్లో త్రీడీ నమూనా నిర్మించి, దానికి వెలుతురు పెట్టి, ఫొటోలా కనిపించే బొమ్మ తీస్తారు. దాన్నే రెండర్ అంటాం. క్లయింటు దాన్ని చూసి సరే అన్నాక వడ్రంగి ప్లైవుడ్ కోస్తాడు, ప్రింటర్ వినైల్ అచ్చు వేస్తాడు. ఆ తర్వాత మార్చాలంటే ప్రతి అంగుళానికీ డబ్బు అవుతుంది.

మా స్టాల్ ముందు వైపు పొడవు 10 మీటర్లు, లోతు 6 మీటర్లు. మూల మీది స్టాల్ కాబట్టి ముందూ కుడి పక్కా తెరిచి ఉంటాయి, వెనకా ఎడమా గోడలు. ఎడమ వెనక మూలలో 2.4 మీటర్ల వెడల్పున మాట్లాడుకునే గది. దాని పక్కన 0.6 మీటర్లు వదిలి సీఎన్‌సీ లేత్, వెడల్పు 2.6 మీటర్లు. ఆ తర్వాత మీటరున్నర దారి. ఆ తర్వాత వీఎంసీ, అంటే దిమ్మను బల్లకు బిగిస్తే పైనుంచి కట్టర్ దిగి చెక్కే యంత్రం, వెడల్పు 2.4 మీటర్లు. కుడి అంచున అర మీటరు మిగులు. అన్నీ కలిపితే సరిగ్గా పది. నడిమి దారిలో నడిచి వెళ్తే వెనక గోడకు అరలు, వాటిలో ఆ యంత్రాల మీద చేసిన విడిభాగాల శాంపిల్స్.

యంత్రాల కొలతలు నేను కేటలాగు నుంచి తీసుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. కేటలాగులో ఇచ్చేది యంత్రం ఒంటి కొలత. లేత్ చెక్కుతున్నప్పుడు రాలే లోహపు తునకలను బయటికి మోసి డబ్బాలో పోసే చిప్ కన్వేయర్ విడిగా కొనుక్కునే సామాను. అందుకని అది ఆ కొలతలో ఉండదు. ఈ లేత్‌కు అది కుడి పక్క నుంచి ఒక మీటరు బయటికి పొడుచుకొస్తుంది. ఆ మీటరు తీసేస్తే నా మీటరున్నర దారిలో మిగిలేది అర మీటరు. బొమ్మలో ముగ్గురు నవ్వుతూ నడిచిన చోట ఒక మనిషి పక్కకు తిరిగి దూరాలి, అదీ నూనె కారే ఇనుప తొట్టిని రాసుకుంటూ.

యంత్రం ఎంత చోటు తింటుందో నిజం చెప్పేది కేటలాగు కాదు, ఫౌండేషన్ డ్రాయింగ్. యంత్రాన్ని ఫ్యాక్టరీలో దించేవాళ్లకు ఇచ్చే కాగితం అది. అందులో తలుపు తెరిస్తే ఎంతవరకు వస్తుందో, వెనక కరెంటు ప్యానెల్ తెరవడానికి ఎంత వదలాలో, కూలెంట్ ట్యాంకు ఎటు లాగాలో చుక్కల గీతలతో చూపిస్తారు. ఇప్పుడు నేను ఆ చుక్కల గీతలను కూడా త్రీడీలో పలచని ఎర్ర రంగు పెట్టెలుగా కట్టుకుంటాను. చివరి బొమ్మ తీసేటప్పుడు వాటిని దాచేస్తాను, కానీ దారి కొలిచేది ఆ ఎర్ర పెట్టెల నుంచే. యంత్రం కంపెనీ పంపే కంప్యూటర్ నమూనాలో ప్రతి బోల్టూ ఉంటుంది, అది మా సాఫ్ట్‌వేర్‌లో కదలనంత బరువు. లోపలి భాగాలన్నీ తీసేసి పైతొడుగు మాత్రమే ఉంచుకుంటాం. ఆ తీసేయడంలో కన్వేయర్ కూడా ఎగిరిపోవచ్చు, కాబట్టి ఫౌండేషన్ డ్రాయింగ్‌తో పోల్చి చూసుకోక తప్పదు.

‘కన్వేయర్ తేకపోతే?’ అన్నారు యజమాని. ప్రదర్శనలో యంత్రం నడిపి చూపిస్తారు, తునకలు ఎక్కడికో పోవాలి. పైగా కొనేవాళ్లు మొదట అడిగే వాటిలో అదొకటి. ‘గది తీసేద్దామా?’ అన్నాను. ‘ఆర్డర్ల మాట ఎక్కడ మాట్లాడతామండీ, దారి మీద నిలబడా?’ అన్నారు. లేత్‌ను గదికి ఆనించేద్దామంటే సర్వీస్ ఇంజనీరు ఒప్పుకోలేదు. ఎడమ చివర మూత తెరవాల్సిన పని పడుతుంది, ఆ 0.6 మీటర్లు ఉండాల్సిందే. చివరికి గదినే సన్నం చేశాం. వెడల్పు 2.4 నుంచి 1.8కి తగ్గించి, లోతు రెండున్నర నుంచి మూడు మీటర్లకు పెంచాం. బల్ల గోడ వెంట పొడుగ్గా, నాలుగు కుర్చీలు. లేత్ 0.6 మీటర్లు ఎడమకు జరిగింది, కన్వేయర్ పోగా దారి 1.1 మీటర్లయింది. ఎదురుబొదురుగా వచ్చిన ఇద్దరు భుజాలు కాస్త తిప్పి తప్పుకోగలరు. ఇంతకన్నా తక్కువైతే అది దారి కాదని నా అభిప్రాయం, అప్పుడు మూసేసి సామాను పెట్టుకోవడం మేలు.

రెండో తప్పు ఇంకా లోతైనది. దాన్ని ఎవరూ అడగలేదు, నేనే పట్టుకున్నాను. మొదటి బొమ్మను పైనుంచి, పక్షి చూసినట్టు తీశాను. అలా తీస్తే స్టాల్ మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది. వెనక గోడ కూడా పూర్తిగా కనిపిస్తుంది. ఆ గోడ ఎత్తు 4 మీటర్లు, దాని మీద యంత్రాల గుణాలు చెప్పే పెద్ద గ్రాఫిక్. కానీ ప్రదర్శనకు వచ్చేది పక్షులు కాదు. మనిషి కన్ను నేలకు సుమారు 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది.

వీఎంసీ ఎత్తు 2.7 మీటర్లు. దాని ముందు భాగం స్టాల్ అంచుకు 2.8 మీటర్ల లోపల ఉంది. అంచు మీద నిలబడి యంత్రం తల మీదుగా చూస్తే, చూపు పైకి వాలుగా వెళ్లి ఆరు మీటర్ల అవతలి వెనక గోడను ఎక్కడ తాకుతుంది? లెక్క వేస్తే దాదాపు 3.96 మీటర్ల దగ్గర. అంటే 4 మీటర్ల గోడలో యంత్రం వెనక భాగమంతా, పైన నాలుగు సెంటీమీటర్ల పట్టీ తప్ప, మరుగున పడుతుంది. మూడు మీటర్ల నడవ దాటి ఎదుటి స్టాల్ అంచు నుంచి చూసినా 3.3 మీటర్ల కింద ఏమీ కనపడదు. నేను ఎంతో శ్రమపడి అమర్చిన అక్షరాలన్నీ యంత్రం వీపుకు చదివిస్తున్నట్టే.

అందుకే ఇప్పుడు పక్షి చూపు బొమ్మ ఒకటి ఇచ్చినా, మిగతావన్నీ 1.6 మీటర్ల ఎత్తు నుంచి తీస్తాను: నడవలో దూరం నుంచి ఒకటి, ఎదుటి స్టాల్ అంచు నుంచి ఒకటి, కౌంటరు దగ్గర నిలబడి ఒకటి. కెమెరా లెన్సు కూడా ముఖ్యం. కంప్యూటర్లోని కెమెరాకు 20 మిల్లీమీటర్ల లెన్సు పెడితే దాదాపు 84 డిగ్రీల వెడల్పు పడుతుంది, 60 చదరపు మీటర్ల స్టాల్ కల్యాణ మండపంలా కనిపిస్తుంది. 35 మిల్లీమీటర్లు పెడితే 54 డిగ్రీలకు తగ్గి, దూరాలు నమ్మదగ్గట్టు ఉంటాయి. బొమ్మ చూసేవాళ్లు ఇది కనిపెట్టడం కష్టం కాదు. బొమ్మ అంచుల్లో ఉన్న కుర్చీలూ మనుషులూ పక్కకు సాగినట్టుంటే లెన్సు మరీ వెడల్పని అర్థం.

గ్రాఫిక్‌ను గోడ నుంచి దించి, గది బయటి గోడ మీదికి, యంత్రాల పక్కన నిలబెట్టే సన్నని పలకల మీదికి పంచాం. గోడ పైభాగంలో కంపెనీ పేరు మాత్రం మిగిలింది. పేరు అక్షరాల ఎత్తుకు బోర్డులు చేసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం. నడవ మలుపు మా స్టాల్‌కు 80 అడుగుల దూరం, కాబట్టి 8 అంగుళాల కన్నా చిన్న అక్షరం పెడితే అక్కడినుంచి హాయిగా చదవలేరు. యంత్రం పక్కన పెట్టే పలకను పది అడుగుల్లోంచి చదువుతారు, అంగుళం చాలు. మొదటి బొమ్మలో నేను రెండింటినీ అందం చూసి వేశాను. స్క్రీన్ మీద దగ్గరికి లాక్కుని చూస్తే ఏ అక్షరమైనా చదవగలం కదా!

కౌంటరు మొదట ముందు వైపు సరిగ్గా మధ్యలో ఉండేది. యంత్రం నడుస్తున్నప్పుడు దాని ముందు ఆపరేటరుకు 0.9 మీటర్లు, చూసేవాళ్లకు ఒక మీటరు కావాలి. ఉన్న 2.8 మీటర్లలో ఇక మిగిలేది 0.9. అందులోకి 0.6 మీటర్ల లోతున్న కౌంటరు తోసుకొస్తే జనం నడవలోకి ఒలికిపోతారు, నిర్వాహకులు వచ్చి గదమాయిస్తారు. దాన్ని ఎడమ ముందు మూలకు పంపాం.

ఇంకో చిన్న సంగతి. కేబుళ్లు, గాలి పైపులు దాచడానికి నేల మీద 10 సెంటీమీటర్ల చెక్క అరుగు వేస్తాం. ఐదు టన్నుల యంత్రాన్ని ఆ చెక్క మీద నిలపలేం. యంత్రం ముందుగా ఫోర్క్‌లిఫ్టు మీద వచ్చి హాలు కాంక్రీటు మీద కూర్చుంటుంది, అరుగు దాని చుట్టూ కోసి పేరుస్తారు. కనుక రెండర్‌లో యంత్రం అరుగు మీద నిలబడి కనిపిస్తే, అది గీసినవాళ్లకు కట్టే వరస తెలియదనుకోవాలి. మా మొదటి బొమ్మలో అది సరిగానే ఉంది, కానీ అరుగు అంచున వాలు లేదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఎలా ఎక్కుతారని యజమాని అడిగారు. కుడి పక్కన వాలు పెట్టాం.

మూడో విడత బొమ్మలు పంపినప్పుడు వాటితోపాటు కొలతలున్న ప్లాను, గోడల ఎత్తులు చూపే గీతలు కూడా ఒకే నంబరుతో పంపాను. సంతకం ప్లాను మీద పెట్టమన్నాను, వడ్రంగి కోసేది దాన్ని చూసే కనుక. ఆయన వెంటనే పెట్టలేదు. ఆదివారం షెడ్డు ఖాళీ చేయించి, నేల మీద సుద్దతో 10 మీటర్లు, 6 మీటర్లు గీయించారు. అదే మోడల్ లేత్ అక్కడ ఒకటి ఉంది. దాని చుట్టూ గది, దారి, వెనక గోడ గీతలు పడ్డాయి. సర్వీస్ ఇంజనీరు వెనక్కి వెళ్లి కరెంటు ప్యానెల్ తలుపు పూర్తిగా తెరిచాడు. తలుపు సుద్దగీతకు రెండు వేళ్ల దూరంలో ఆగింది. యజమాని కన్వేయర్ పక్కనుంచి ఒకసారి, ఎదురుగా నన్ను రమ్మని ఇంకోసారి నడిచి చూసి, ప్లాను అడిగి తీసుకుని సంతకం చేశారు.