కొలెస్ట్రాల్ పెంచేది కాఫీలో ఏది?

నార్వే ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి పైన, ట్రాంసో అనే ఊరుంది. చలికాలంలో వారాల తరబడి సూర్యుడి మొహం కనిపించని చోటు అది. అక్కడివాళ్లు కాఫీ కప్పుల లెక్క చూసుకోకుండా తాగుతారంటే వింతేమీ లేదు. 1983లో అక్కడి పరిశోధకులు ఊరి జనం రక్తపరీక్షల ఫలితాలను వాళ్ల కాఫీ అలవాటుతో పోల్చి ఒక వ్యాసం ప్రచురించారు. కప్పులు పెరిగిన కొద్దీ కొలెస్ట్రాలూ పెరుగుతోందని అందులో తేలింది. చిక్కేమిటంటే, ఇతర దేశాల్లో ఇలాంటి లెక్కలే వేసినవాళ్లలో కొందరికి ఈ సంబంధం కనిపించింది, కొందరికి ఏమాత్రం కనిపించలేదు. కాఫీ అదే, మనుషులూ అలాంటివాళ్లే. మరి తేడా ఎక్కడ?

తేడా పొయ్యి దగ్గర ఉంది. ఉత్తర నార్వేలో ఆ రోజుల్లో ఇళ్లలో కాచేది ‘కోకెకాఫె’, అంటే మరిగించిన కాఫీ. కెటిల్‌లో నీళ్లు మరిగాక బరకగా ఆడిన పొడి అందులోనే వేసి, కాసేపు ఉంచి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన కాఫీని కప్పుల్లోకి వంచుకుంటారు. వడగట్టడం అనే పనే లేదు.

1985లో ట్రాంసో బృందమే ఈ సంగతిని పరీక్షించి చూసింది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న మగవాళ్ల చేత ఐదు వారాలు కాఫీ పూర్తిగా మాన్పించారు. అందరికీ కొలెస్ట్రాల్ తగ్గింది. ఆ తర్వాత కొందరిని మళ్లీ మరిగించిన కాఫీ తాగమన్నారు, కొందరిని కాగితం ఫిల్టరులో దించిన కాఫీ తాగమన్నారు. మరిగించిన కాఫీకి తిరిగి వెళ్లినవాళ్లకు తగ్గింది కాస్తా మళ్లీ పెరిగింది. ఫిల్టరు కాఫీ తాగినవాళ్లకు పెరగలేదు. రెండు కాఫీల్లోనూ కెఫీన్ ఉంటుంది కాబట్టి నేరం కెఫీన్‌ది కాదని అప్పుడే అర్థమైపోయింది.

అసలు దోషిని పట్టుకున్నది నెదర్లాండ్స్‌వాళ్లు. కాఫీ గింజలో బరువులో పదో వంతుకు పైగా నూనె ఉంటుంది. వాళ్లు మరిగించిన కాఫీ నుంచి ఈ నూనె భాగాన్ని వేరుచేసి, 1990లో కొందరు వలంటీర్ల చేత వారాల పాటు తాగించి చూశారు. కాఫీ లేదు, ఆ నూనె మాత్రమే. కొలెస్ట్రాల్ గట్టిగానే పెరిగింది. నాలుగేళ్ల తర్వాత ఆ నూనెలోని కాఫెస్టాల్ అనే పదార్థం దగ్గరికి వేలు చూపించగలిగారు. దానికి కావియోల్ అనే తోబుట్టువు కూడా ఉంది గానీ దాని ప్రభావం తక్కువ.

కాఫెస్టాల్ చేసే పని విచిత్రంగా ఉంటుంది. అదేమీ కొలెస్ట్రాల్ కాదు, దాన్ని వెంట తెచ్చేదీ కాదు. మన కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడుకుని పైత్యరసంలో ఉండే ఆమ్లాలను తయారుచేస్తుంది. కొలెస్ట్రాల్ ఖర్చయ్యే ముఖ్యమైన దారి ఇదే. పేగుల్లో ఈ ఆమ్లాలు చాలినంత ఉన్నాయనిపిస్తే అక్కడి గ్రాహకం ఒకటి ‘ఇక చాలు’ అని కాలేయానికి కబురు పంపుతుంది. కాఫెస్టాల్ వెళ్లి ఆ గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. ఆమ్లాలు నిజంగా సరిపోయాయా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా కాలేయం ఉత్పత్తి తగ్గించేస్తుంది. ఖర్చు కావలసిన కొలెస్ట్రాల్ మిగిలిపోతుంది, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే అవసరం కాలేయానికి తగ్గుతుంది. అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు 2007లో వివరించిన క్రమం స్థూలంగా ఇదీ.

దీని బలం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు 10 మిల్లీగ్రాముల కాఫెస్టాల్ కొన్ని వారాలు లోపలికి వెళితే రక్తంలో కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం ఎల్‌డీఎల్‌దే. గాజు జగ్గులో పొడి నానబెట్టి లోహపు జల్లెడను కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ ఉంది కదా, వడపోత విషయంలో అది నార్వే కెటిల్‌కు దగ్గరి చుట్టం. దాంట్లో చేసిన కప్పులో 3, 4 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. హైదరాబాదులో ఇంటి నుంచి ఉద్యోగం చేసుకుంటూ రోజుకు ఐదు కప్పులు తాగే మనిషిని ఊహించుకోండి. కప్పుకు 4 చొప్పున 20 మిల్లీగ్రాములు, అంటే కొలెస్ట్రాల్ 10 దాకా పెరుగుతుంది. ఎల్‌డీఎల్ 125 ఉన్నవాడికి 133, 134 అవుతుంది. ల్యాబ్ రిపోర్టుల్లో 130 దాటితే సాధారణంగా గుర్తు పెడతారు. తిండి మారలేదు, బరువు పెరగలేదు, మరి ఇదెందుకని ఆయన తలపట్టుకుంటాడు. కాఫీ ఎలా కాస్తున్నారని అడిగే డాక్టరు అరుదు.

కాగితం ఫిల్టరులో దించిన కప్పులో మాత్రం కాఫెస్టాల్ దాదాపు ఉండదు. ఇక్కడ కాగితానికి రావలసినదానికంటే కొంచెం ఎక్కువ పేరే వచ్చింది. నూనెలో అధికభాగం తడిసిన పొడి ముద్దలోనే చిక్కుకుంటుంది. అక్కడ తప్పించుకున్న నూనెబొట్లను, నూనె పట్టుకున్న సన్నటి నలుసులను కాగితం ఆపుతుంది. ఇన్‌స్టంట్ కాఫీలోనూ కాఫెస్టాల్ నామమాత్రం. ఎస్ప్రెస్సోలో ఉంటుంది గానీ కప్పు చిన్నది కాబట్టి ఒకటీ రెండిటితో పెద్దగా తేలేదేమీ లేదు. మూడు నుంచి ఐదు తాగేవాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నట్టు, అదీ మగవాళ్లలో మరింతగా, 2022లో ట్రాంసో నుంచే వచ్చిన మరో అధ్యయనంలో కనిపించింది.

మరి మన డికాక్షన్ సంగతి? స్టీలు ఫిల్టరు చిల్లులు నూనెను ఆపలేవన్నది నిజమే. అయితే పైగిన్నెలో అదిమిన పొడి గుండా నీళ్లు నిదానంగా దిగుతాయి, ఆ పొడి ముద్దే వడపోతలా పనిచేస్తుంది. పొడిలో చికోరీ కలిస్తే ఆ మేరకు కాఫీ తగ్గుతుంది. రొబస్టా గింజలో కాఫెస్టాల్ అరబికాలో కంటే తక్కువ. పైగా మనం కప్పు నిండా డికాక్షన్ తాగం, పాలల్లో కొంచెం కలుపుకుంటాం. అందుకని దీన్ని మరిగించిన కాఫీ పక్కన కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచదు. నీళ్లలో పొడి మరిగించి పల్చటి గుడ్డలో వడగట్టే పాత పద్ధతి కూడా అనుకున్నంత చెడ్డది కాదు. సింగపూర్‌లో గుడ్డ సంచీలో వడగట్టే కాఫీని పరీక్షిస్తే కాఫెస్టాల్ చాలా తక్కువే కనిపించింది. గుడ్డ నేత కూడా నూనెను బాగానే పట్టేస్తుందన్నమాట.

తన విషయంలో కాఫీయే కారణమా అని తేల్చుకోవడం కష్టం కాదు. మిగతా అలవాట్లన్నీ అలాగే ఉంచి, ఆరు వారాలు కాగితం ఫిల్టరుకు మారి, అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. కానీ ఏ కారణమూ లేకుండానే ఎల్‌డీఎల్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ కొన్ని అంకెలు అటూఇటూ అవుతుంది. ఐదు తగ్గిందని పండగ చేసుకోనక్కర్లేదు. 180, 190 ఉన్నవాళ్లు ఫిల్టరు మార్చి ఊరుకుంటే సరిపోదు, మందులు మానేయడం అసలే కుదరదు.

టీలో ఈ గొడవ లేదు. తేయాకులో కాఫెస్టాలే ఉండదు కాబట్టి ఎంతసేపు మరిగించినా, ఏ జాలీతో వడపోసినా ఒకటే. గ్రీన్ టీ ఎల్‌డీఎల్‌ను కాస్త తగ్గిస్తుందని అనేక ప్రయోగాలను కలిపి చూసినప్పుడు తేలింది గానీ, ఆ తగ్గుదల సగటున 2 మిల్లీగ్రాములు. మన టీకి లెక్క వేయవలసింది పాలతోనే. గేదె పాలు 100 మిల్లీలీటర్లలో 6, 7 గ్రాముల కొవ్వుంటుంది, అందులో నాలుగు గ్రాముల దాకా సంతృప్త కొవ్వే. చిక్కటి పాలతో రోజుకు నాలుగు కప్పులంటే 16 గ్రాములు. రెండు వేల కేలరీల తిండి తినేవాళ్లకు రోజంతటికీ కలిపి 22 గ్రాములు మించకూడదంటారు. ఆ పాలు కాఫీలో కలిసినా లెక్క మారదు, ఫిల్టరు కాగితమూ అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.