పెద్ద వాల్వ్ తెచ్చే తంటా

గంటకు 40 ఘనమీటర్ల నీరు కావాలి. వాల్వ్ దగ్గర పీడనం 4 బార్లు తగ్గుతుంది. ఎంత వాల్వ్ పెట్టాలి? పీడనం 1 బార్ తగ్గితే వాల్వ్ గుండా గంటకు ఎన్ని ఘనమీటర్ల నీరు పోతుందో చెప్పే అంకె Kv, అంటే ప్రవాహ గుణకం. 40ని 4 వర్గమూలమైన 2తో భాగిస్తే 20 వస్తుంది. కాస్త వెసులుబాటుతో 30 Kv వాల్వ్ చాలు.

'పెద్దదుంటే మంచిది' అని 200 Kv వాల్వ్ బిగిస్తే అది పదోవంతే తెరుచుకుంటుంది. రాపిడి వల్ల కాడ పట్టేసి, ఒక్క శాతం గెంతుతూ కదిలిందనుకోండి. ప్రవాహం ఒక్కసారిగా 4 ఘనమీటర్లు, అంటే పది శాతం మారుతుంది. 30 Kv వాల్వ్‌లో అదే గెంతుకు మార్పు ఒకటిన్నర శాతమే. పెద్ద వాల్వ్‌తో కంట్రోలర్ సరిదిద్దబోయి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

ఇరుకు సందులో వేగం పెరిగి పీడనం ఆవిరి పీడనం కన్నా పడిపోతే బుడగలు పుడతాయి. తర్వాత పీడనం కోలుకుంటే అవి పగిలి లోహాన్ని గుంటలు చేస్తాయి. గులకరాళ్లు దొర్లే చప్పుడు వస్తుంది. ఇది కేవిటేషన్. కోలుకోకపోతే ఆవిరి అలాగే సాగి లోహాన్ని నున్నగా కోస్తుంది. అది ఫ్లాషింగ్, దాన్ని వాల్వ్ మార్చి ఆపలేం, గట్టి లోహంతో తట్టుకోవాలి.

వాల్వ్ ఎప్పుడూ పది శాతం లోపే తెరిచి ఉంటే, లెక్క మళ్లీ వేయించండి.