పీహెచ్‌డీ వైవాలో మొదటి మూడు నిమిషాలు: "నేనెవరు" అని ఎట్లా చెప్పాలి?

మాది మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్. బొగ్గు బాయిల రూఫ్ మీద పీహెచ్‌డీ చేసిన. వైవా అయ్యాక ఊళ్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, ఫస్ట్ లేచి ఏం చెప్పినవ్?" ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఎదురుగా ఎవరు కూర్చుంటారో చూద్దాం. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం మన థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చదవాలి. వైవా బోర్డులో గైడ్, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఉంటారు. ఆ బయటి సార్‌కు రాతి గురించి మనకంటే ఎక్కువే తెలుసు. తెలియనిది మన బాయి. అందుకే మన పరిచయం బయోడేటా చదివినట్టు ఉండొద్దు. టెన్త్ మార్కులు, ఇంటి కష్టాలు అక్కడ అక్కర్లేదు. ఈ డేటా ఎక్కడిది, నా చేతికి ఎట్లా వచ్చింది, ఎక్కడిదాకా పనికొస్తుంది, ఈ మూడూ చెప్తే చాలు.

నేను ఇంగ్లీషులో చెప్పినదాన్ని తెలుగులో చెప్తా.

"నమస్కారం. నేను శ్రీరాంపూర్ వాడిని. గోదావరికి ఉత్తరాన ఉన్న సింగరేణి ప్రాంతం అది. మా నాన్న అండర్‌గ్రౌండ్‌లో సపోర్ట్‌మన్‌గా పనిచేశారు. రాడ్డుతో రూఫ్‌ను కొట్టి సౌండ్ వినేవారు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పొర విడిపోయింది అని అర్థం. వానాకాలంలో డొల్ల సౌండ్ ఎక్కువ వస్తుందని ఆయన తోటివాళ్లు అనేవాళ్లు. నా ప్రశ్న అక్కడినుంచే పుట్టింది."

ఇక్కడ నాన్న గురించి చెప్పింది సానుభూతి కోసం కాదు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెప్పడానికి. వెంటనే ఇంకో మాట కలిపిన: "కార్మికుల మాట నాకు ప్రశ్న మాత్రమే, రుజువు కాదు. రుజువు ల్యాబ్ టెస్టులనుంచే తీసుకున్నాను." బాయి కుటుంబం నుంచి వచ్చినోడు బాయి మీద రీసెర్చ్ చేస్తే, ముందే ఒక అభిప్రాయం పెట్టుకున్నాడేమోనన్న డౌట్ ఎవరికైనా వస్తది. వాళ్లు అడగకముందే మనమే చెప్పేయాలి.

తర్వాత అసలు విషయం. మన దగ్గర రూఫ్‌కు సీఎంఆర్ఐ-ఐఎస్ఎం పద్ధతిలో 100కి మార్కులు వేస్తారు. దాన్ని ఆర్ఎంఆర్ అంటారు. పొర మందానికి 30, పగుళ్లలాంటి వాటికి 25, గాలికి-తేమకు రాయి ఎంత చెడుతుందన్నదానికి 20, బలానికి 15, నీటి ఊటకు 10. ఇందులో తేమకు, నీటికి సంబంధించినవే 30 మార్కులు. ఎండాకాలంలో వేసిన మార్కు వానాకాలంలో కూడా అట్లనే ఉంటదా? నా థీసిస్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నే.

దీనివల్ల ఏం తేడా వస్తదని ఎగ్జామినర్‌కు ఒక లెక్కతో చూపించిన. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, రాయి బరువు ఘనపు మీటరుకు 2.2 టన్నులు అనుకుందాం. ఆర్ఎంఆర్ 50 ఉంటే, ఆ పద్ధతి ఫార్ములా ప్రకారం సపోర్టులు ఒక్కో చదరపు మీటరుకు దాదాపు 3.7 టన్నులు మోయాలి. అదే రూఫ్‌కు 10 మార్కులు తగ్గి 40 అయితే, 5.7 టన్నులు. అంటే సగానికి పైగా పెరిగింది. ఎండాకాలం లెక్కతో వేసిన సపోర్ట్ మీద వానాకాలం బరువు పడితే, కింద మనుషులు ఉంటారు. ఈ ముక్క చెప్పాక "ఈ టాపిక్ ఎందుకు?" అని ఎవరూ అడగలేదు.

చివర్లో హద్దులు చెప్పిన: "నా ఫలితాలు పిల్లర్లు వదులుతూ కొత్తగా తవ్వే గ్యాలరీలకే. పిల్లర్లు తీసేచోట బరువు వేరేగా పడుతుంది కాబట్టి అక్కడ వాడొద్దు. రామగుండం వైపు అడ్రియాల లాంగ్‌వాల్‌కు కూడా ఇవి వర్తించవు." చాలామంది ఇది చెప్తే థీసిస్ చిన్నదైపోతదని భయపడతారు. కానీ హద్దు మనం గీయకపోతే సార్ గీస్తారు. అప్పుడు అది మన లోపంగా కనిపిస్తది.

పరిచయం పనిచేసిందా లేదా అనేది మొదటి ప్రశ్నతోనే తెలిసిపోతది. "ఈ బాయి ఎక్కడుంది? శాంపిల్ ఎప్పుడు తీశారు?" అని అడిగితే, మనం చెప్పాల్సింది చెప్పలేదన్నట్టు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "శాంపిల్‌ను బాయి నుంచి ల్యాబ్‌కు తెచ్చేలోపు తేమ ఆరిపోకుండా ఏం చేశారు?" అది సీదా పని గురించి. ప్లాస్టిక్ షీట్ చుట్టి, మైనం పూసి తెచ్చిన అని చెప్పిన. అక్కడినుంచి గంటసేపు రాయి గురించే మాట్లాడుకున్నం.